స్టైపెండ్‌ని గంటలతో భాగిస్తే

మెడికల్ పీజీ మొదటి ఏడాదిలో ఓ బుధవారం సాయంత్రం ఆరింటికి హాస్టల్ రూముకొచ్చి, బూట్లు కూడా విప్పకుండా మంచం మీద కూలబడి ఫోన్లో కాలిక్యులేటర్ తెరిచాను. ముందు రోజు పొద్దున ఏడున్నరకి వార్డులోకి వెళ్ళినవాణ్ణి, అప్పుడే బయటపడ్డాను. మధ్యలో డ్యూటీ రూములో గంటా నలభై నిమిషాలు కళ్ళు మూసుకున్నాను. మొత్తం ముప్పై నాలుగున్నర గంటలు. అదే రోజు మధ్యాహ్నం స్టైపెండ్ పడినట్టు మెసేజ్ వచ్చింది, రెండు నెలలు ఆలస్యంగా. ఆ రెండంకెలూ పక్కపక్కన కనబడేసరికి భాగించి చూడాలనిపించింది.

అయితే ఆ రోజు సరిగ్గా భాగించలేకపోయాను. పైన వేయాల్సిన అంకె బ్యాంకు మెసేజ్‌లో ఉంది. కింద వేయాల్సిన అంకె ఎక్కడా లేదు. నెలకి ఎన్ని గంటలు పని చేస్తున్నానో నాకు తెలియదు, మా యూనిట్‌లో ఎవరికీ తెలియదు, ఆసుపత్రికి అసలే తెలియదు. అటెండెన్స్ రిజిస్టర్‌లో పొద్దున ఒక సంతకం పెడతాం. వచ్చిన టైమ్ రాయడానికి ఒక గడి ఉంది. వెళ్ళిన టైమ్‌కి గడి లేదు.

అందుకని ఒక చిన్న నోట్‌బుక్ కొని నాలుగు వారాలు రాశాను. నాది జనరల్ మెడిసిన్, ప్రభుత్వ బోధనాసుపత్రి. రూల్ ఒకటే పెట్టుకున్నాను: వార్డులోకి అడుగు పెట్టిన నిమిషం, ఆసుపత్రి గేటు దాటిన నిమిషం. థీసిస్ పని లెక్కలోకి రాదు, రూములో చదువు రాదు, ఇంటికొచ్చాక ఫోన్లో “అన్నా, పదకొండో బెడ్ పొటాషియం ఆరు పాయింట్ రెండు వచ్చింది, ఏం చేయమంటావు” అని హౌస్ సర్జన్ అడిగే ప్రశ్నలు రావు. తక్కువ చూపించినా ఫర్వాలేదు గానీ ఎక్కువ చూపించానని ఎవరూ అనకూడదనుకున్నాను.

మొదటి వారం ఇలా ఉంది. సోమవారం పన్నెండున్నర గంటలు. మంగళవారం మా అడ్మిషన్ డే, అంటే కొత్త పేషెంట్లని మా యూనిట్ చేర్చుకునే రోజు, అది బుధవారం సాయంత్రం దాకా సాగి ముప్పై నాలుగున్నర. గురువారం పన్నెండున్నర, శుక్రవారం పన్నెండు. శనివారం పొద్దున వెళ్ళి, రాత్రి అక్యూట్ మెడికల్ కేర్‌లో డ్యూటీ చేసి, ఆదివారం ఒంటిగంటన్నరకి బయటికొచ్చాను, ముప్పై గంటలు. కలిపితే 101.5. మిగతా మూడు వారాలు 108, 94, 104.5. సగటున వారానికి 102 గంటలు. ఏడాదికి 52 వారాలు, 12 నెలలు కాబట్టి నెలకి 442 గంటలు.

నా స్టైపెండ్ 58 వేల చిల్లర. లెక్క సులువుగా ఉండటానికి, ఆసుపత్రి వైపే కాస్త మొగ్గుతూ 60 వేలు అనుకుందాం. 442తో భాగిస్తే గంటకి 136 రూపాయలు.

డ్యూటీ రూములో పడుకున్న టైమ్ కూడా పని కిందే కడతావా అని నా రూమ్మేట్ వెంటనే పట్టుకున్నాడు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు వారాల్లో అలా పడుకున్నది మొత్తం కలిపి 14 గంటలు. అది తీసేస్తే గంటకి 141 అవుతుంది. ఆ ఐదు రూపాయల కోసం ఇద్దరం చాలాసేపే వాదించుకున్నాం. డ్యూటీ ఫోన్ చెవి పక్కన పెట్టుకుని పడుకోవడం నిద్రా, పనా అన్నది పెద్ద చర్చే గానీ, ఈ లెక్కని అది మార్చేంత పెద్దది కాదు. మాకు దొరికే నిద్రే అంత తక్కువ.

ఇప్పుడు కాగితం మీద ఏముందో చూద్దాం. రెసిడెంట్ల, అంటే మాలాంటి పీజీ డాక్టర్ల, పని గంటలకి హద్దు లేదని చాలామంది అనుకుంటారు. ఉంది. 1992 జూన్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన రెసిడెన్సీ ఆదేశాల్లో జూనియర్ రెసిడెంట్లు మామూలుగా వారానికి 48 గంటలు పని చేయాలని, ఏకబిగిన 12 గంటలు మించకూడదని, వంతులవారీగా వారానికో సెలవు ఇవ్వాలని ఉంది. ఆ వెంటనే, పని అవసరాన్ని బట్టి గంటల్ని సడలించుకోవచ్చు, అది సూపరింటెండెంట్ నిర్ణయం అని కూడా ఉంది. మొదటి వాక్యం గోడకి వేలాడుతుంది, రెండో వాక్యం వార్డులో నడుస్తుంది. 2023 చివర్లో వచ్చిన పీజీ నిబంధనల్లో 48 అనే అంకె కూడా లేదు. ‘సహేతుకమైన పని గంటలు’, ‘సహేతుకమైన విశ్రాంతి’ అని ఉంది. ఏది సహేతుకమో ఎవరు తేలుస్తారు? అడ్మిషన్ డే రోజు తెల్లారుజామున మూడింటికి నన్నడిగి ఉంటే నా దగ్గర ఒక అంకె ఉండేది.

వారానికి 48 గంటలంటే నెలకి 208. అదే 60 వేలని 208తో భాగిస్తే గంటకి 288. కాగితం మీద నా గంట విలువ 288 రూపాయలు, వార్డులో 136.

సరే, ఇంతవరకూ ఇది అందరూ చేసే ఫిర్యాదే. కానీ ఈ 136 కూడా నిజం చెప్పదు. ఎందుకంటే గంటలన్నీ ఒక్క ధర కావు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం దగ్గర్నుంచీ ఈ దేశంలో ఒక సూత్రం ఉంది: వారానికి 48 గంటలు దాటితే, దాటిన ప్రతి గంటకీ రెట్టింపు కూలి. కనీస వేతనాల నిబంధనల్లోనూ ఓవర్‌టైమ్ రెట్టింపే. ఈ సూత్రం మాకు వర్తించదు. మేం విద్యార్థులం, మాకిచ్చేది జీతం కాదు, స్టైపెండ్. వర్తిస్తే ఏమయ్యేదో చూడటానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా 442 గంటల్లో 208 మామూలు గంటలు. మిగిలిన 234 ఓవర్‌టైమ్, ఒక్కోటి రెండు గంటల కింద లెక్క, అంటే 468. రెండూ కలిపితే 676. 60 వేలని 676తో భాగిస్తే 89 రూపాయలు. ఓవర్‌టైమ్ నియమం ఉన్న ఉద్యోగంలో ఇన్ని గంటలు చేసి 60 వేలు తెచ్చుకునే మనిషి అసలు కూలి రేటు అది.

దీన్ని ఒకదానితో పోల్చాలి. కేంద్ర ప్రభుత్వ పరిధిలోని సంస్థల్లో, ఊడ్చే పని, సామాన్లు ఎత్తి దించే పని లాంటి వాటికి 2024 అక్టోబరులో పెద్ద నగరాల్లో కనీస వేతనం రోజుకి 783 రూపాయలు చేశారు. ఎనిమిది గంటలతో భాగిస్తే గంటకి 98 దగ్గర. అత్యంత నైపుణ్యం ఉన్నవాళ్ళకి రోజుకి 1,035, అంటే గంటకి 129. మా ఆసుపత్రి కేంద్ర పరిధిలోది కాదు, కాబట్టి ఈ రేట్లు అక్కడ నేరుగా వర్తించవు. నా గంటని ఆనించి చూసుకోవడానికి ఒక కొలకర్ర, అంతే. ఆ రేటుతో ఊడ్చే పని చేసే మనిషి నాలాగా నెలకి 442 గంటలు చేస్తే, రెట్టింపు ఓవర్‌టైమ్‌తో 66 వేల పైచిలుకు రావాలి. అసలు అన్ని గంటలు అతనితో చేయించడానికి చట్టం ఒప్పుకోదు, అది వేరే సంగతి. ఆ పని చేసే వాళ్ళకి ఎక్కువ ఇస్తున్నారని నేను అనడం లేదు, చాలా చోట్ల వాళ్ళకి ఆ కనీసం కూడా చేతికందదని వార్డులో వాళ్ళతో టీ తాగిన ఎవరికైనా తెలుసు. నా గంట ఏ మెట్టు మీద ఉందో చూపించాలని మాత్రమే ఈ పోలిక.

మా సీనియర్ ఒకాయన ఈ లెక్క చూసి నవ్వాడు. “థర్డ్ ఇయర్‌కి రా, నీ రేటు పెరుగుతుంది” అన్నాడు. నిజమే. ఆయన స్టైపెండ్ నాకంటే ఐదారు వేలు ఎక్కువ, 66 వేలు అనుకోండి. ఆయన గంటలు కూడా రాయించాను. వారానికి 62 వచ్చాయి. అంటే గంటకి 246. అతి ఎక్కువ గంటలు చేసేవాడికి అతి తక్కువ స్టైపెండ్, తక్కువ గంటలు చేసేవాడికి ఎక్కువ. ఒకే వార్డు, ఒకే బెడ్లు, రెండేళ్ళ తేడా. మూడో ఏడాదికి వచ్చేసరికి ఫస్ట్ ఇయర్ సంగతి ఎవరికీ పట్టకపోవడానికి ఇదే కారణమేమో అనిపిస్తుంది. కష్టం తగ్గి, రేటు పెరిగి, పైగా పరీక్షలు. సమ్మె అంటే ముందు నిలబడే ఓపిక అప్పటికి ఉండదు, ఓపిక ఉన్న ఫస్ట్ ఇయర్‌కి ధైర్యం ఉండదు.

సమ్మె మాట వచ్చింది కాబట్టి నా అసలు వాదన ఇక్కడే చెప్తాను. మనం ప్రతిసారీ స్టైపెండ్ పెంచమనే అడుగుతున్నాం. 15 శాతం పెంచితే గెలిచాం అనుకుంటాం, స్వీట్లు పంచుకుంటాం. 60 వేలు 69 వేలవుతుంది, గంటకి 156. అదే 156, పైసా పెంచకుండా రావాలంటే వారానికి 102 గంటలు 89 అయితే చాలు. పదమూడు గంటలు, అంటే అడ్మిషన్ డే మర్నాడు పొద్దున రౌండ్స్ ముగించుకుని ఇంటికి పోనివ్వడం, ఆదివారం పొద్దునే వదిలేయడం. మెడికల్ విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 2024లో రెసిడెంట్లకి వారానికి 74 గంటలు మించకూడదని సిఫారసు చేసింది. అది అమలైతే నా గంట 187 రూపాయలయ్యేది. స్టైపెండ్‌ని దాదాపు 83 వేలు చేయడంతో సమానం. ఏ సమ్మెలోనైనా ఒక్కసారే అంత పెంచమని అడిగే ధైర్యం మనకుందా?

పెంపులో ఇంకో కిటుకుంది. స్టైపెండ్ ఫిక్స్‌డ్ కాబట్టి, అది 60 వేలైనా లక్ష అయినా, నా నూట మూడో గంట ఆసుపత్రికి ఉచితం. ఇక్కడ ఆగి ఆలోచించండి. సగటు గంట ఖరీదు 136, కానీ ఇంకో గంట అదనంగా వాడుకుంటే అయ్యే ఖర్చు సున్నా. ఏ పని ఎవరితో చేయించాలో తేల్చేది ఆ సున్నాయే, 136 కాదు.

మంగళవారం రాత్రి రెండింటికి జరిగింది చెప్తాను. సీఓపీడీ పేషెంట్, ఊపిరి అందడం లేదు, ధమని నుంచి రక్తం తీసి, అందులో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఏబీజీ పరీక్షకి పంపాలి. మా వార్డు మూడో అంతస్తు, ఏబీజీ మెషీన్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఐసీయూ పక్కన. రాత్రిపూట శాంపిల్ తీసుకెళ్ళే వర్కర్ లేడు. లిఫ్ట్ ఆపరేటర్ పదింటికే వెళ్ళిపోతాడు. గ్లవ్‌లో ఐసు ముక్కలేసి, అందులో సిరంజి పెట్టుకుని, మెట్లు దిగి, అక్కడ ముందున్న ఇద్దరి శాంపిళ్ళు అయ్యేదాకా నిలబడి, స్లిప్పు పట్టుకుని మళ్ళీ మెట్లెక్కాను. ఇరవై రెండు నిమిషాలు. ఆ సేపు పైన ముప్పై ఎనిమిది మంది పేషెంట్లకి ఒక హౌస్ సర్జన్, ఇద్దరు సిస్టర్లు. ఆ రాత్రి అలాంటి ప్రయాణాలు ఐదు చేశాను. అందులో ఒకటి బ్లడ్ బ్యాంకుకి, అక్కడ ఫారం మీద సంతకం సరిగా లేదని వెనక్కి పంపారు.

ఆ ముప్పై నాలుగున్నర గంటల్ని తర్వాత విడదీసి చూశాను. కొత్త కేసులు చూడటం, చికిత్స మొదలుపెట్టడం 13 గంటలు. సార్‌తో రౌండ్స్, బెడ్ పక్కన చర్చ 3. పొట్టలో నీరు తీయడం, లంబార్ పంక్చర్, ఒక సెంట్రల్ లైన్ కలిపి రెండున్నర. శాంపిళ్ళు, రిపోర్టులు, బ్లడ్ బ్యాంకు ఐదున్నర. కేస్ షీట్లు, డిశ్చార్జ్ సమ్మరీలు, ఆరోగ్యశ్రీ కాగితాలు, వాటికి ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడం ఆరున్నర. మిగిలింది నిద్ర, తిండి, పేషెంట్ల బంధువులతో మాటలు. కేస్ షీట్ రాయడం డాక్టర్ పనే, ఒప్పుకుంటాను, అందులో రెండు గంటలు నావి అనుకుందాం. అప్పటికీ పది గంటల దాకా నేను చేసింది మోసే పని, నకలు పని.

ఆ పది గంటలకి ఆసుపత్రి ఒక మనిషిని పెట్టుకోవాలంటే ఖాళీ చూపించాలి, ఫైలు కదలాలి, నెలనెలా డబ్బు కట్టాలి. నాతో చేయిస్తే ఏమీ కట్టక్కర్లేదు. ఎవరూ దుర్మార్గులు కానక్కర్లేదు. సున్నా ఖరీదు మనిషి ఎదురుగా ఉన్నప్పుడు ఇరవై వేల మనిషి కోసం ఫైలు ఎవరు కదుపుతారు? నా నలభై తొమ్మిదో గంట నుంచి గంటకి 288 కట్టాల్సి వస్తే, ఆ రాత్రే లెక్క తిరగబడేది. ఐదున్నర గంటల పాటు శాంపిళ్ళు మోయించినందుకు నాకు 1,584 రూపాయలు. అదే పనికి ఎనిమిది గంటల నైట్ వర్కర్ ఇందాకటి కనీస వేతనం ప్రకారం 783, పైగా అతను మా ఒక్క యూనిట్‌కే కాదు, ఆ అంతస్తు మొత్తానికీ తిరుగుతాడు.

అందుకే స్టైపెండ్ పెంపుకంటే ముందు అడగాల్సింది, గంటలు దాటితే ఆసుపత్రికి ఎంతో కొంత ఖర్చు కావాలని. డబ్బైనా ఫర్వాలేదు, నష్టపోయిన గంటలకి బదులు సెలవైనా ఫర్వాలేదు. ఏదో ఒకటి ఎవరో ఒకరి పద్దులో పడాలి.

దీనికి వచ్చే జవాబు మీకూ తెలుసు: ఇది ఉద్యోగం కాదు, చదువు. డిగ్రీయే జీతం. దీన్ని నేను కొట్టిపారేయను. ఆ 13 గంటల్లో నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ దొరకదు, సెంట్రల్ లైన్ వేయడం రాత్రి పన్నెండింటికి చేయి వణుకుతూ వేస్తేనే వస్తుంది. రాత్రి డ్యూటీలే వద్దు అనేవాళ్ళతో నేను లేను. కానీ చదువు కాబట్టి తక్కువ ఇస్తాం అంటే, చదువు ఉన్న గంటలకి ఆ మాట చెల్లుతుంది. బ్లడ్ బ్యాంకు మెట్ల మీద చెల్లదు. మొదటి నెలలో నాలుగు సార్లు ఆ మెట్లెక్కితే ఆసుపత్రి ఎలా నడుస్తుందో తెలుస్తుంది, సరే. నాలుగు వందలసారి ఏం నేర్పుతుంది?

గంటలు తగ్గిస్తే పేషెంట్లకి మంచిదనే వాదనని కూడా నేను గట్టిగా వాడను. అమెరికాలో 2003 నుంచి నాలుగు వారాల సగటున వారానికి 80 గంటల హద్దు ఉంది. 2011లో మొదటి ఏడాది వాళ్ళకి ఏకబిగిన 16 గంటలే అన్నారు, 2017లో మళ్ళీ 24కి వదిలారు. మధ్యలో జరిగిన పెద్ద ట్రయల్స్‌లో, షిఫ్టుల్ని కాస్త పొడవుగా ఉంచినా పేషెంట్ల ఫలితాలు దిగజారలేదని తేలింది. షిఫ్టు మారినప్పుడల్లా పేషెంట్ సంగతి ఒకరు చెప్పి ఇంకొకరు వినాలి, అక్కడ జారిపోయేవి కూడా ఉంటాయి. అయితే ఈ ట్రయల్స్‌ని మనకి చూపించేవాళ్ళు ఒకటి దాటేస్తారు. ఆ రెండు గుంపులూ 80 గంటల కప్పు కిందే ఉన్నాయి. నా 102కి అక్కడ గుంపే లేదు.

ఇంకో ఇబ్బంది ఉంది, ఇది మనవైపుది. హద్దు పెడితే గంటలు మాయం కావు, కాగితం మీద మాయమవుతాయి. ఫస్ట్ ఇయర్ వాడే 74 అని రాసి 95 చేస్తాడు, ఎందుకంటే నిజం రాస్తే యూనిట్‌కి చెడ్డపేరు, థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది ఆ యూనిట్ చీఫే. కాబట్టి చేత్తో రాసే లెక్క పనికిరాదు. వెళ్ళేటప్పుడు కూడా పంచ్ పడాలి, ఆ తర్వాత కేస్ షీట్ మీద పడే టైమ్‌తో, ల్యాబ్‌కి ఆన్‌లైన్‌లో పెట్టే రిక్వెస్టుతో సరిచూడాలి. ఐదింటికి పంచ్ చేసిన మనిషి పేరు మీద రాత్రి పదకొండున్నరకి శాంపిల్ రిక్వెస్టు ఉంటే, అబద్ధం అక్కడికక్కడే దొరుకుతుంది. ఈ వివరాలన్నీ ఆసుపత్రి కంప్యూటర్లలో ఇప్పటికే ఉన్నాయి, కలిపి చూసేవాళ్ళే లేరు.

ప్రైవేటు కాలేజీల సంగతి వస్తే నా లెక్కే పరిహాసంగా ఉంటుంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ సర్వేకి జవాబిచ్చిన 7,901 మంది పీజీల్లో 2,110 మంది తమకి స్టైపెండే అందడం లేదన్నారు. ఖాతాలో వేసి వెనక్కి తీసుకుంటున్నారన్నవాళ్ళు వేరే. సున్నాని ఎన్ని గంటలతో భాగించినా సున్నాయే, అక్కడ నా నోట్‌బుక్‌తో పనిలేదు.

నాలుగు వారాలయ్యాక, లెక్కంతా ఒక తెల్లకాగితం మీద ఎక్కించి, డిపార్ట్‌మెంట్ ఆఫీసుకి వెళ్ళాను. సార్‌కి చూపించే ధైర్యం లేదు, క్లర్కు గారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని మొత్తం చదివారు. కూడికలు సరిగానే ఉన్నాయన్నారు. నేను పెద్దగా ఏమీ అడగలేదు. వచ్చే నెల కొత్త రిజిస్టర్ వేసేటప్పుడు వెళ్ళిన టైమ్‌కి ఇంకో గడి గీయమన్నాను.

“గీస్తే నింపాలి కదా డాక్టరు గారూ” అన్నారాయన, కాగితం నాకు తిరిగిస్తూ. “నింపితే పైకి పంపాలి. పంపితే, ఇదేంటని వాళ్ళు అడుగుతారు.”